ఆవిరికి దొరికిన నలుసు

నాలుగో తరగతి పంతులమ్మ పద్దెనిమిదేళ్లుగా జలచక్రం పాఠం చెబుతోంది. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలదు. సముద్రం, ఆవిరి, మబ్బు, వాన, ఏరు, మళ్లీ సముద్రం. ఆ పాఠం వచ్చిన వారం ఆమె గొంతులో ఒక ఊపు వచ్చేది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో కూడా పిల్లలు ఆవలింతలు మానేసి వినేవాళ్లు.

ఆ ఏడు తల్లిదండ్రుల సమావేశానికి హెడ్మాస్టరు కొత్త ఆలోచన చేశాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టి పద్యాలు వల్లెవేయించడం చూసి చూసి విసుగెత్తిందనీ, ప్రతి తరగతీ ఒక పాఠాన్ని ఆడి చూపించాలనీ అన్నాడు. మిగతా టీచర్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే పంతులమ్మ చెయ్యెత్తేసింది. ఎత్తాక కొంచెం భయం వేసింది గానీ అప్పటికే హెడ్మాస్టరు పేరు రాసేసుకున్నాడు.

తరగతిలో ముప్పై ఇద్దరు పిల్లలు. అందరిలోకీ పొడుగ్గా ఉండేవాడిని సూర్యుణ్ణి చేసింది. కవలలిద్దరూ గాలి. నలుగురు బల్లలెక్కి కొండలయ్యారు. ఇద్దరు ఉప్పు. నీళ్లు పైకి వెళ్లిపోయినా వాళ్లు సముద్రంలోనే ఉండిపోవాలని చెబితే మొహాలు మాడ్చుకున్నారు. ఇద్దరు బల్ల కింద నేల. మిగిలిన ఇరవై ఒక్కరూ నీటిచుక్కలు. హాల్లో వేదిక ముందున్న గచ్చు సముద్రం, వేదిక ఆకాశం. పాత నీలం కర్టెన్లు నాలుగు కలిపి కుడితే మంచి అలలు తయారయ్యాయి.

ఆ ఇరవై ఒక్కరిలో ఒక పిల్ల ఉంది. ఆమెను తరగతిలో అందరూ గుసగుస అనే పిలుస్తారు. నోట్లో నాలుక లేనట్టుంటుంది. హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల పలికిందో లేదో తెలియక పంతులమ్మ తలెత్తి చూసి టిక్కు పెట్టుకుంటుంది. ఎవరైనా తన వంక చూస్తే చాలు, భుజాలు ముడుచుకుని పక్క పిల్ల వెనక్కి జరుగుతుంది. నాటకం మాట చెప్పిన రోజున ఆ పిల్ల మొహం పాలిపోయింది.

మొదటి రిహార్సల్లో పంతులమ్మ పిల్లలందరినీ గచ్చు మీద కూర్చోబెట్టి నియమాలు చెప్పింది. నీళ్లుగా ఉన్నప్పుడు ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకుని ఊగాలి. సూర్యుడు భుజం తడితే, అంచున ఉన్నవాళ్లు మాత్రమే చెయ్యి వదిలేసి లేవాలి. నీళ్లు ఆవిరి కావడానికి మరగక్కర్లేదనీ, తీగ మీద ఆరేసిన బట్టల్లోంచి పోయినట్టు ఊరికే ఎండకీ గాలికీ పోతాయనీ చెప్పింది. ఆవిరిగా మారినవాళ్లు ఎవరినీ ముట్టుకోకుండా, చప్పుడు చెయ్యకుండా, మునివేళ్ల మీద మెట్లెక్కాలి. ఎందుకంటే ఆవిరి కంటికి కనబడదు. పొయ్యి మీద గిన్నెలోంచి లేచే తెల్లటి పొగలాంటిది ఆవిరి కాదు, అది అప్పటికే చిన్న చిన్న చుక్కలుగా మారిన నీళ్లు. అసలు ఆవిరి మీ పక్కనే ఉన్నా మీకు తెలియదు.

ఈ మాటకి గుసగుస తలెత్తి చూసింది.

"అంటే, ఆవిరిగా ఉన్నంతసేపూ మమ్మల్ని ఎవరూ చూడరా టీచర్?"

"చూడరు. చూడలేరు."

ఆ పిల్ల భుజాలు మెల్లగా దిగాయి. ఆ రోజు సూర్యుడు భుజం తట్టగానే అందరికంటే ముందు లేచిందీ, అందరికంటే తేలిగ్గా మెట్లెక్కిందీ ఆ పిల్లే. చేతులు పక్కకి వేలాడుతూ, కళ్లు సగం మూసుకుని, వేదిక మీద ఎటు పడితే అటు తేలుతూ తిరిగింది. వెంటిలేటర్లోంచి పడుతున్న ఎండపట్టీలోకి వెళ్లి, అందులోంచి బయటికి వచ్చి, మళ్లీ వెళ్లింది. పంతులమ్మ చప్పట్లు కొట్టి ఆపవలసినదల్లా ఆపకుండా చూస్తూ ఉండిపోయింది.

చిక్కు మబ్బు దగ్గర వచ్చింది. ఆవిరి పిల్లలంతా దగ్గరకి జరిగి మబ్బు అవ్వాలని ఆమె చెప్పింది. ఇరవై ఒక్కరూ ఒక్క చోటికి తోసుకొచ్చారు. ఒకడి మోచెయ్యి ఇంకొకడి ముక్కుకు తగిలింది, ఇద్దరు కూలబడ్డారు, ఒకమ్మాయి ఏడుపు లంకించుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి చేయించబోతుంటే గుసగుస వచ్చి పంతులమ్మ చేతి గడియారం పట్టీ పట్టుకుని లాగింది.

"ఆవిరి కనపడదన్నారు కదా టీచర్. మరి మబ్బు కనపడుతుందేం? అక్కడ మేం ఏం పట్టుకోవాలి?"

పైన చల్లగా ఉంటుంది కాబట్టి మబ్బు కడుతుందని పంతులమ్మ పద్దెనిమిదేళ్లుగా చెబుతోంది. అది అబద్ధం కాదు. కానీ దేన్ని పట్టుకుని కడుతుందో ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు. రేపు చెబుతానని ఆ పిల్లను పంపించేసింది.

ఆమె తోడికోడలి తమ్ముడు వాతావరణ కేంద్రంలో పనిచేస్తాడు. రోజుకి రెండుసార్లు బెలూను ఎగరేసి పైన గాలి ఎంత చల్లగా ఉందో, ఎంత తడిగా ఉందో రాసుకోవడం అతని ఉద్యోగం. సాయంత్రం ఆమె ఫోను చేసి అడిగితే అతను నవ్వాడు. తడిగాలి పైకి వెళ్లేకొద్దీ ఉబ్బి చల్లబడుతుందనీ, చల్లబడితే ఆవిరి నీళ్లవ్వాలని చూస్తుందనీ, అయితే వాలడానికి ఏదో ఒకటి ఉండాలనీ చెప్పాడు. స్నానాల గదిలో అయితే అద్దం ఉంటుంది. ఆకాశంలో అద్దమెక్కడిది? దుమ్ము, పొగ, పుప్పొడి, ఏదో ఒక నలుసు దొరకాలి. కంటికి ఆననంత చిన్నదైనా చాలు. దాన్ని పట్టుకుంటేనే చుక్క. అలాంటి చుక్కలు లక్షలకి లక్షలు ఒకదాన్నొకటి గుద్దుకుని కలిస్తే, దాదాపు పది లక్షలైతే, ఒక్క వానచినుకు. "నలుసు దొరక్కపోతే ఆవిరి అలా తిరుగుతూనే ఉంటుంది అక్కా, కనపడకుండా" అన్నాడతను.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆమె పరధ్యానంగా ఉండడం చూసి భర్త ఏమైందని అడిగాడు. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి దుమ్ము సంగతి చెప్పలేదని ఆమె అంది. అతను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, దుమ్ము సంగతి చెప్పకపోతే ఏమవుతుందన్నట్టు చూశాడు.

మర్నాడు పంతులమ్మ తరగతి ముందు నిలబడి, తాను పాఠంలో ఒక ముఖ్యమైన సంగతి వదిలేశాననీ, అది ఫలానా పిల్ల అడిగితేనే తెలిసిందనీ చెప్పింది. ఈ మాట అంటే పిల్లలేమంటారోనని జంకింది గానీ, అన్న తర్వాత ఏమీ జరగలేదు. పిల్లలు ఊరికే తలలూపారు. గుసగుస మాత్రం పక్క పిల్ల వెనక్కి జరిగింది.

దుమ్ము వేషం ఎవరు వేస్తారని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. కొండలు కొండలుగానే ఉంటామన్నాయి. సూర్యుడైతే అలిగాడు కూడా. మా అమ్మ చూడడానికి వస్తోంది, దుమ్మునవుతానా అని ఒకడు మొహం మీదే అడిగేశాడు. బతిమాలితే లాభం లేదని పంతులమ్మ పాత కాగితాలు ఉండలు చుట్టి, బూడిదరంగు పూసి, యాభై నలుసులు తయారుచేసింది. వాటిని ఆకాశమంతా చల్లి పెడుతుంది. ఒక్కో ఉండనీ ఇద్దరు ముగ్గురు పట్టుకోవాలి. పట్టుకున్న క్షణంలో జేబులోంచి తెల్ల టోపీ తీసి పెట్టుకోవాలి, అప్పుడు వాళ్లు కనబడతారు. నలుసు దొరికేదాకా మాట్లాడకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు, టోపీ తియ్యకూడదు. పిల్లలు ఈ నియమాన్ని ప్రాణంగా పట్టుకున్నారు. ఇక రిహార్సళ్లలో ఎవరి ముక్కుకీ ఎవరి మోచెయ్యీ తగల్లేదు.

సమావేశం రోజు పొద్దున్నే ఆమె నలుసులన్నీ వేదిక మీద చల్లి, తరగతికి వెళ్లి పిల్లలకి నీలం రిబ్బన్లు కట్టింది. బడి ఆయా పదిరోజుల సెలవు తర్వాత ఆ పొద్దునే పనిలోకి వచ్చింది. రిహార్సళ్లు ఒక్కటీ చూడలేదు. పెద్దలొచ్చే రోజున వేదిక నిండా కాగితం ఉండలు పడి ఉండడం చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. మూలమూలలా చిమ్మి, తడిగుడ్డ పెట్టి తుడిచి, అద్దంలా చేసి పెట్టింది. చెత్తబండి పదింటికి వచ్చి అంతా తీసుకుపోయింది.

పన్నెండింటికి హాలు నిండింది. తలుపు పక్కన నిలబడినవాళ్లు కూడా ఉన్నారు. పంతులమ్మ తెర పక్కనుంచి సైగ చెయ్యగానే సముద్రం ఊగడం మొదలుపెట్టింది. నీలం కర్టెన్లు లేచి పడుతుంటే వాటి మధ్య పిల్లల తలలు పైకీ కిందకీ అయ్యాయి. సూర్యుడు పసుపు పళ్లెం పట్టుకుని నిదానంగా నడిచివచ్చి అంచున ఉన్న భుజాలు తట్టాడు. ఒక్కొక్కళ్లే రిబ్బను విప్పి కింద పెట్టి, చెయ్యి వదిలి, లేచారు. ఉప్పు పిల్లలిద్దరూ మోకాళ్లు కావిలించుకుని అక్కడే ఉండిపోయారు. ఎవరో తల్లి అయ్యో పాపం అంది.

అప్పుడు చూసింది పంతులమ్మ వేదికని. ఆకాశం అద్దంలా మెరుస్తోంది. ఒక్క నలుసు లేదు.

ఆవిరి మెట్లెక్కుతూనే ఉంది. పైకొచ్చిన పిల్లలు వంగి వెతికారు, ఏమీ లేదు. ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు, టోపీ తియ్యకూడదు. కాబట్టి వాళ్లు తెలిసిన ఒక్క పనీ చేశారు, తేలుతూ తిరిగారు. ఇరవై ఒక్కరు పిల్లలు మునివేళ్ల మీద, చేతులు వేలాడేసి, ఒకరి పక్కనుంచి ఒకరు తగలకుండా జరిగారు. కవలలు అట్టముక్కలతో విసురుతుంటే ఆ విసురుకి ఇటు నుంచి అటు వెళ్లారు. వెంటిలేటరు వెలుగు వాళ్ల మొహాల మీంచి దాటిపోయింది. హాల్లో ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. చూసేవాళ్లు ఇదే నాటకమనుకున్నారు.

పరిగెత్తుకెళ్లి ఏవైనా కాగితాలు నలిపి విసరనా అని పంతులమ్మ అనుకుంది. కానీ కదలలేకపోయింది. పిల్లలు ఎంత నిశ్శబ్దంగా తిరుగుతున్నారంటే, ఆమె అడుగు తీస్తే ఏదో పగిలిపోతుందనిపించింది. రెండు నిమిషాలు గడిచాయి. గాలి తోసిన కొందరు మెట్లు దిగి కుర్చీల మధ్యకి వెళ్లారు. ఒక పిల్లవాడు తన తల్లి మోకాలి పక్కనుంచే వెళ్లాడు, తల్లి చెయ్యి చాపి కూడా ముట్టుకోలేదు. హెడ్మాస్టరు దగ్గబోయి ఆపుకున్నాడు.

గుసగుస నడవ పొడుగునా తేలుతూ వెళ్లింది. ఎవరి కళ్లలోకీ చూడలేదు, ఎవరి చూపుకీ ముడుచుకోలేదు. అంతమంది మధ్య అలా నడవడం ఆ పిల్ల పుట్టాక అదే మొదటిసారి. నడవ చివర, తలుపు బయట మెట్టు మీద, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల నాన్న. రాళ్లు కోసే కార్ఖానాలో పనిచేస్తాడు. గంట సెలవు అడిగి, బట్టలు మార్చుకునే వ్యవధి లేక, ఉన్నపళంగా వచ్చాడు. జుట్టు, కనురెప్పలు, చొక్కా, చెప్పులు, అన్నీ తెల్లటి రాతిపొడి. లోపలికొస్తే కుర్చీలు పాడవుతాయని గడప అవతలే ఆగాడు. అతని భార్య రెండో వరసలో చంటిపిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మొగుడికోసం వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది.

ఆ పిల్ల అతని ముందు ఆగింది. తలెత్తి చూసింది. చూసి, నియమం ప్రకారం నలుసు దొరికింది కాబట్టి, మాట్లాడింది.

"నాన్నా, లోపలికి రా."

అది గుసగుసే. కానీ హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే చివరి వరస దాకా వినిపించింది.

"ఒంటినిండా దుమ్మే తల్లీ. ఎలా వస్తాను?" అన్నాడతను, నలుగురూ వింటున్నారని సిగ్గుపడుతూ.

"అందుకే రమ్మంటున్నా."

రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి వదిలి, జేబులోంచి తెల్ల టోపీ తీసి తల మీద పెట్టుకుంది.

హాల్లో ఉన్నవాళ్లకి ఏం అర్థమైందో గానీ, పిల్లలకి అర్థమైంది. మెట్ల దగ్గర తేలుతున్న ఇద్దరు గబగబా వచ్చి అతని రెండో చెయ్యి పట్టుకున్నారు. టోపీలు పెట్టుకున్నారు. మిగతావాళ్లు నలుసుల కోసం హాలంతా వెతికారు. నలుగురు వెళ్లి బడి బస్సు డ్రైవరు చొక్కా పట్టుకున్నారు, దాని మీద దారి దుమ్మంతా ఉంది. ముగ్గురు ఆయాని చీపురుతో సహా లేవదీశారు. ఏమిట్రా ఇది, నేనేం చేశాను అంటూనే ఆమె నడిచింది. ఒక పిల్లవాడు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా పెద్దమనిషి దగ్గర ఆగి, పైనుంచి కిందకి చూసి, వంగి అతని బూటు మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలికి అంటింది. చిటికెడు చాలు కాబట్టి ఆయన్నీ లేపాడు.

రాళ్ల కార్ఖానా మనిషి వేదికెక్కాడు. ఎటు చూడాలో తెలియక నేల చూస్తూ నిలబడ్డాడు. చుట్టూ ఆరుగురు పిల్లలు తెల్ల టోపీలతో వేలాడుతున్నారు. డ్రైవరు చుట్టూ ఐదుగురు, ఆయా చుట్టూ ఐదుగురు, పెద్దమనిషి చుట్టూ ఐదుగురు. ఒక్క క్షణం ముందు ఏమీ లేని ఆకాశంలో, నాలుగు తెల్లటి గుంపులు కనబడ్డాయి. వెనక వరసలో ఎవరో, "అదుగో మబ్బు" అన్నారు.

పంతులమ్మ తెర పక్కనుంచి కవలలకి సైగ చేసింది. వాళ్లు విసిరారు. గుంపులు మెల్లగా కదిలాయి, ఒకదానికొకటి తగిలాయి. రెండు కలిసి ఒకటయ్యాయి, ఆ ఒకటి మూడోదాన్ని కలుపుకుంది. ఆఖరికి నాలుగూ కలిసి ఇరవై ఒక్కరు పిల్లలూ నలుగురు పెద్దలూ ఒకే ముద్దై ఊగారు. ఇంక ఆకాశం మొయ్యలేనంత బరువెక్కారు.

"వాన," అంది గుసగుస, నాన్న చేతిని కిందకి లాగుతూ.

వాన పడింది. మెట్ల మీంచి దబదబా దిగింది. పడే చినుకుతో పాటు దాని లోపలి నలుసూ కిందకి రావాల్సిందే, కాబట్టి పెద్దవాళ్లు కూడా దిగక తప్పలేదు. కొండలు రెండు చేతులూ చాపి కొందరిని అటు, కొందరిని ఇటు మళ్లించాయి. ఎక్కువమంది ఏరై, చేతులు కలుపుకుని, కుర్చీల మధ్య వంకర టింకరగా పారారు. ఒడిలో చంటిపిల్లాడున్న తల్లి దగ్గర ఏరు కొంచెం నిదానించింది. ఆమె మొగుడు ఆ ఏట్లోంచే ఆమె వంక చూసి ఇబ్బందిగా నవ్వాడు, ఆమె నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. తెల్లచొక్కా పెద్దమనిషి అందరికంటే ముందుండి ఏరుని నడిపించేశాడు. ఆయాతో ఉన్నవాళ్లలో ముగ్గురు మాత్రం నేలలోకి ఇంకిపోయారు, అంటే బల్ల కిందకి దూరారు. ఆమె కూడా దూరి, అక్కడ చల్లగా ఉందని కాళ్లు చాపుకుంది. ఏరు సముద్రాన్ని చేరి, ఉప్పు పిల్లలు ఎగిరి గంతేసి, కర్టెన్లు మళ్లీ ఊగి, నాటకం అయిపోయి, చప్పట్లు మోగుతున్నా ఆమె బయటికి రాలేదు. నేలలోకి ఇంకిన నీళ్లు అంత తొందరగా తిరిగిరావని పంతులమ్మ అందరికీ వివరించవలసి వచ్చింది. చాలా నీళ్లకి ఏళ్లూ పూళ్లూ పడుతుందని చెబితే హాలు హాలంతా నవ్వింది.

ఆయాకి కాగితం ఉండల సంగతి ఎవరూ చెప్పలేదు. పంతులమ్మ చెప్పాలనుకుని మానేసింది.

తర్వాత గేటు దగ్గర రాళ్ల కార్ఖానా మనిషి ఆమె కోసం ఆగి ఉన్నాడు. పనికి తిరిగి వెళ్లాలి, గంట అయిపోవచ్చింది. అయినా ఒక మాట అడగాలని ఆగాడు. నిజంగానే దుమ్ము లేకపోతే వాన పడదా, లేక పిల్లల ఆట కోసం అలా పెట్టారా అని అడిగాడు.

"నిజమే," అందామె. "ఏదో ఒక నలుసు లేకపోతే చుక్క కట్టడం మహా కష్టం. దుమ్మే కానక్కర్లేదు గానీ, దుమ్మూ పనికొస్తుంది."

అతను తన అరచేతులు చూసుకున్నాడు. చిన్న చిన్న వేళ్ల గుర్తులు పడి, అక్కడక్కడ రాతిపొడి తుడిచిపెట్టుకుపోయి, చర్మం కనబడుతోంది. మా ఇంట్లో దీన్ని గడప దాటనివ్వరండీ అన్నాడు మెల్లగా. అంటూండగానే దగ్గు వచ్చింది. పొడి దగ్గు, చాలాసేపు ఆగలేదు.

పంతులమ్మ నవ్వు మొహం మారింది. "మబ్బుకి మంచిదే గానీ మీ ఊపిరితిత్తులకి కాదు. రాయి తడిపి కొయ్యమని అడగండి. ముక్కుకి సరైన మాస్కు పెట్టుకోండి. మీరు నవ్వి ఊరుకుంటే కుదరదు, నేను పిల్లతో అడిగిస్తాను."

అతను తలూపాడు. అలా అడిగిస్తే ఇక తప్పదన్నాడు. పక్కనే ఉన్న గుసగుస ఇద్దరి మాటలూ విని, నాన్న వంక గట్టిగా చూసింది. మెల్లగా మాట్లాడే పిల్లే గానీ, ఆ చూపు మెల్లనిది కాదు.

ఆ రోజు వాన పడలేదు. మర్నాడూ పడలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం లెక్కల పీరియడ్లో వెలుగు తగ్గింది. ఎవరి అనుమతీ అడక్కుండా తరగతి మొత్తం లేచి కిటికీల దగ్గరికి పోయింది. పడమట ఒక మబ్బు నిండుగా, అడుగున కొంచెం నల్లగా కూర్చుని ఉంది. అందులో ఎవరు దేన్ని పట్టుకున్నారో పిల్లలు వాదులాడుకోవడం మొదలుపెట్టారు. ఒకడు పొగ అన్నాడు, ఒకతె పుప్పొడి అంది. పంతులమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి, తనూ వాళ్ల వెనక వచ్చి నిలబడింది. ముందు వరసలో, కిటికీ ఊచలకి మొహం ఆనించి, వాళ్లందరి కంటే గట్టిగా వాదిస్తున్న గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.